మొమెంటమ్, ఆర్‌ఓసీ: ఇరవై షేర్లకు ర్యాంకులు వేసుకున్న నా అనుభవం

2024 చివర్లో నా దగ్గర ఇరవై షేర్ల జాబితా ఉండేది. అన్నీ ఒకేసారి కొనేంత డబ్బు లేదు. ఈమధ్య కాలంలో బలంగా ఉన్న ఐదింటిని ఎంచుకుని, నెలకోసారి చూసుకుంటూ పోవాలనుకున్నాను. బలం కొలవడానికి చార్టులో రెండు ఇండికేటర్లు పెట్టుకున్నాను: ఒకటి మొమెంటమ్, రెండోది రేట్ ఆఫ్ చేంజ్, అంటే ఆర్‌ఓసీ. రెండూ జీరో లైన్‌కి పైకి, కిందికి తిరిగే గీతలే.

కొన్ని వారాలు చూశాక ఆర్‌ఓసీ మొమెంటమ్‌కి ఒకటి రెండు రోజులు అటూ ఇటూగా జీరో దాటుతోందనిపించింది. ఏది ముందు చెబుతుందో తేల్చుకోవాలని పాత చార్టులన్నీ తిరగేశాను. మా బావ చాలా ఏళ్లుగా మార్కెట్లో ఉన్నాడు. ఆయనకు చూపిస్తే, "ముందు ఆ రెండింటి పీరియడ్ ఒకటేనా చూడు బామ్మర్దీ" అన్నాడు. సెట్టింగ్స్ తెరిచాను. మొమెంటమ్‌కి 10, ఆర్‌ఓసీకి 9 ఉంది. చార్టులో వాటంతట అవే వచ్చే అంకెలవి, నేను మార్చలేదు. రెండింటికీ 12 పెట్టగానే తేడా పోయింది. ఏ షేర్‌లో చూసినా రెండు గీతలూ ఒకే రోజు జీరో దాటుతున్నాయి.

ఎందుకో సూత్రం చూస్తే తెలిసిపోతుంది. ఇక్కడ C ఈరోజు క్లోజింగ్ ధర, C(n) అనేది n ట్రేడింగ్ రోజుల కిందటి క్లోజింగ్ ధర. n అంటే సెట్టింగ్స్‌లో పెట్టుకున్న ఆ పీరియడ్.

```
Momentum = C - C(n)
ROC = (C - C(n)) / C(n) * 100
```

పైనున్న తీసివేత రెండింట్లోనూ ఒకటే. ఆర్‌ఓసీలో దాన్ని పాత ధరతో భాగిస్తాం, అంతే. ధర ఎప్పుడూ సున్నాకి పైనే కాబట్టి భాగించినా ప్లస్ ప్లస్‌గానే, మైనస్ మైనస్‌గానే ఉంటుంది. కొన్ని సాఫ్ట్‌వేర్లలో మొమెంటమ్‌ని ఈరోజు ధర బై పాత ధర ఇంటూ వందగా లెక్కేస్తారు, అక్కడ జీరో లైన్ బదులు 100 లైన్ ఉంటుంది. అర్థం మాత్రం మారదు: ఈరోజు ధర 12 రోజుల కిందటి ధరని దాటింది. జీరో క్రాసింగ్ చెప్పేది ఈ ఒక్క మాటే.

ఇది అర్థమయ్యాక ఇంకో విషయం కళ్లబడింది. ఒక షేర్ ఆరోజు తగ్గింది, అయినా ఆర్‌ఓసీ జీరో పైకి వచ్చింది. లెక్క ఇలా ఉంటుంది. నిన్న ధర 510, దానికి 12 రోజుల ముందు 515, కాబట్టి ఆర్‌ఓసీ దాదాపు -1 శాతం. ఈరోజు ధర 508కి తగ్గింది. కానీ ఇప్పుడు పోల్చేది 515 ఉన్న రోజుకి మర్నాటి ధరతో, అది 500. ఆర్‌ఓసీ +1.6 శాతం. షేర్ రెండు రూపాయలు పడిపోతే గీత పైకి లేచింది. కదిలింది కొత్త ధర కాదు, లెక్కలోంచి జారిపోయిన పాత ధర. నేను అంతకుముందు "కొనమని సిగ్నల్ వచ్చింది" అనుకుని కొన్న వాటిలో రెండు ఇలాంటివే. అందుకే ఇప్పుడు గీత జీరో దాటిందంటే ముందు 12 రోజుల వెనక్కి వెళ్లి అక్కడ ఏం జరిగిందో చూస్తాను. అక్కడ పెద్ద పతనం గానీ పెద్ద గెంతు గానీ ఉంటే ఆ క్రాసింగ్‌ని లెక్కలోకి తీసుకోను.

క్రాసింగ్ ఒకటే అయినప్పుడు రెండు ఇండికేటర్లు ఎందుకు అనే ప్రశ్నకి జవాబు ర్యాంకులు వేసేటప్పుడు దొరికింది. నా జాబితాలో ఎంఆర్‌ఎఫ్ ఉంది. 2023 జూన్‌లో లక్ష రూపాయలు దాటిన షేర్ అది. లక్షా ఇరవై వేల దగ్గర అది ఒక్క శాతం కదిలితే మొమెంటమ్ 1,200 చూపిస్తుంది. 200 రూపాయల షేర్ ఇరవై శాతం పెరిగినా మొమెంటమ్ 40 మాత్రమే. అలా ర్యాంకు వేస్తే ఎంఆర్‌ఎఫ్ దాదాపు ప్రతి నెలా మొదటి స్థానంలోనో, చివరి స్థానంలోనో ఉంటుంది. అది బలానికి కాదు, ధర సైజుకి ర్యాంకు. ఒక షేర్‌ని దాని పాత ధరలతోనే పోల్చుకోవడానికి మొమెంటమ్ సరిపోతుంది. షేర్లని ఒకదానితో ఒకటి పోల్చాలంటే ఆర్‌ఓసీ ఉండాల్సిందే.

ర్యాంకుకి 12 రోజులు మరీ చిన్న గడువు. నేను 126 ట్రేడింగ్ రోజులు తీసుకున్నాను, సుమారు ఆరు నెలలు. ఇంత దూరంలో పాత ధర ఒకటి జారిపోయినా ర్యాంకు పెద్దగా ఊగదు. షీట్‌లో B కాలమ్‌లో ఈరోజు ధర, C లో 126 రోజుల కిందటి ధర వేసి, D, E కాలమ్‌లలో వరుసగా ఈ రెండు ఫార్ములాలు కిందికి లాగాను.

```
=(B2-C2)/C2*100
=RANK(D2,D$2:D$21)
```

2025 జనవరిలో మొదటి ర్యాంకుల పట్టిక వచ్చింది. అందులో రిలయన్స్ అట్టడుగున ఉంది, ఆర్‌ఓసీ దాదాపు -60. అంత పెద్ద షేర్ ఆరు నెలల్లో సగానికి పైగా పడిపోతే దేశమంతా మాట్లాడుకునేవారు కదా అని ఆగాను. ఎక్స్ఛేంజ్ రోజూ ఇచ్చే భావ్‌కాపీల నుంచి నేను ధరలు తీసుకున్నాను. వాటిలో ఏరోజు ధర ఆరోజుదే, తర్వాత వచ్చిన బోనస్‌కి తగ్గట్టు సవరించి ఉండదు. 2024 అక్టోబర్ 28న రిలయన్స్ 1:1 బోనస్‌కి ఎక్స్-డేట్, అంటే ఆరోజు నుంచి కొన్నవాళ్లకి ఆ బోనస్ రాదు. ఒక షేర్ రెండయింది, ధర సగమైంది. జూలైలో సుమారు 3,150 ఉన్న ధరని సగం చేసి 1,575గా పెట్టి, జనవరిలోని సుమారు 1,250తో పోల్చితే ఆర్‌ఓసీ -20 చుట్టూ వచ్చింది. తగ్గుదల నిజమే, కానీ పట్టికలో దాని స్థానం మారిపోయింది. అప్పటినుంచి ఏ షేర్‌కైనా -45కి కిందికి గానీ, నమ్మశక్యం కానంత పైకి గానీ అంకె వస్తే ముందు బోనస్, స్ప్లిట్ తేదీలు చూస్తాను. 1:1 బోనస్ అయితే ధర సగం, పది రూపాయల ముఖవిలువని రెండుకి విడగొడితే ధర ఐదో వంతు అవుతుంది. పాత ధరలని అదే నిష్పత్తిలో తగ్గించాలి.

సరిచేసిన పట్టిక నాకు అంతకంటే ముఖ్యమైన ప్రశ్న తెచ్చిపెట్టింది. 2024 సెప్టెంబర్ చివర్లో నిఫ్టీ గరిష్ఠాన్ని తాకి, ఆ తర్వాత నెలలు తరబడి జారింది. నా ఇరవైలో చాలావాటి ఆర్‌ఓసీ మైనస్‌లోనే ఉంది. నాలుగో ర్యాంకు, ఐదో ర్యాంకు వచ్చిన షేర్లు కూడా ఆరు నెలల కిందటి కంటే తక్కువలోనే ఉన్నాయి. ర్యాంకు అంటే మిగతావాటితో పోలిక మాత్రమే. అందరూ పడుతుంటే అందరికంటే తక్కువ పడినవాడు ఫస్ట్ వస్తాడు. ఆ షేర్ పెరుగుతోందా లేదా అన్నది ర్యాంకు చెప్పదు, జీరో లైన్ చెబుతుంది. నేను పక్కన పెట్టేసిన జీరో లైన్ అలా మళ్లీ అవసరమైంది, ఈసారి కొనే సిగ్నల్‌గా కాదు, గేటుగా. మొదటి ఐదు ర్యాంకుల్లో ఉండాలి, 126 రోజుల ఆర్‌ఓసీ జీరోకి పైన ఉండాలి. రెండూ ఉంటేనే కొంటాను.

అమ్మడానికి ఇంకో గీత పెట్టుకోవాల్సి వచ్చింది. ఐదో ర్యాంకు షేర్ వచ్చే నెల ఆరుకి జారితే అమ్మి, మళ్లీ ఐదుకి వస్తే కొంటూ పోతే ఖర్చులే మిగులుతాయి. డెలివరీలో కొన్నప్పుడు 0.1 శాతం, అమ్మినప్పుడు 0.1 శాతం ఎస్‌టీటీ అనే లావాదేవీ పన్ను కట్టాలి. ఏడాదిలోపు అమ్మి లాభం వస్తే దానిమీద 20 శాతం పన్ను. అందుకని ఎనిమిదో ర్యాంకు దాటి కిందికి పోతే గానీ, జీరో కిందికి పడితే గానీ అమ్మను.

ఆ జనవరిలో గేటు దాటినవి మూడే. ఐదింటికని విడిగా పెట్టుకున్న డబ్బులో మూడు భాగాలు వాటికి వెళ్లాయి, రెండు భాగాలు సేవింగ్స్ ఖాతాలోనే ఉండిపోయాయి. ఫిబ్రవరి ఆఖరి రోజున షీట్ మళ్లీ నింపాను. ఆ మూడింటిలో ఒకటి జీరో కిందికి వచ్చింది. మర్నాడు శనివారం కావడంతో సోమవారం పొద్దున్నే అమ్మేశాను.