వంకర చతుర్భుజాన్ని కోసి చతురస్రం చేశాం: నా అనుభవం

మా అక్క కొడుకు తొమ్మిదో తరగతి. స్కూల్లో గణిత ప్రదర్శన ఉంది, అట్టలతో ఏదైనా చేద్దాం మామయ్యా అని శనివారం మధ్యాహ్నం వచ్చి కూర్చున్నాడు. నాకు డిగ్రీలో చదివిన ఒక సిద్ధాంతం గుర్తొచ్చింది. తిన్నటి భుజాలున్న ఏ బహుభుజినైనా కొన్ని ముక్కలుగా కోసి, అవే ముక్కలతో చతురస్రం పేర్చవచ్చు, దానికి కావాల్సింది వైశాల్యం సమానంగా ఉండటం ఒక్కటే. స్కాట్లాండ్‌కు చెందిన విలియం వాలెస్ దీన్ని 1807లోనే పట్టుకున్నాడు, 1830ల్లో హంగరీలో ఫర్కాష్ బోయాయి, ప్రష్యాలో గెర్వీన్ ఎవరికి వారు మళ్లీ నిరూపించారు. పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నానే గానీ, కత్తెర పట్టుకుని ఎప్పుడూ చేసి చూడలేదు.

వాడు వెంటనే అడిగాడు, "వైశాల్యం ఒకటే అయితే సరిపోతుందా మామయ్యా? మూలలు వంకరగా ఉంటాయి కదా, అవెక్కడికి పోతాయి?" సరైన ప్రశ్న. నాకూ చాలాకాలం మనసులో ఉన్న అనుమానం అదే.

ఇంట్లో పాత పెళ్లి శుభలేఖల కట్ట ఉంది. పెద్ద సైజు కార్డు ఒకటి తీసి దాని మీద ఒక వంకర చతుర్భుజం గీశాం. కర్ణం 16 సెంటీమీటర్లు, కర్ణానికి ఒక పక్క శీర్షం 12 సెంటీమీటర్ల ఎత్తున, ఇంకో పక్క శీర్షం 6 సెంటీమీటర్ల ఎత్తున. కర్ణం వెంట కోస్తే రెండు త్రిభుజాలు, వైశాల్యాలు 96, 48. మొత్తం 144 చదరపు సెంటీమీటర్లు, అంటే మనకి కావాల్సింది 12 సెంటీమీటర్ల భుజమున్న చతురస్రం.

మొదటి పని త్రిభుజాన్ని దీర్ఘచతురస్రం చేయడం. పెద్ద త్రిభుజాన్ని కర్ణం కిందికి వచ్చేలా పెట్టి, సగం ఎత్తులో, అంటే 6 సెంటీమీటర్ల దగ్గర అడ్డంగా కోశాం. పైన మిగిలిన చిన్న త్రిభుజాన్ని దాని కొన నుంచి నిలువుగా కిందికి కోస్తే రెండు ముక్కలు. ఎడమ ముక్కని ఎడమ భుజం మధ్యబిందువు దగ్గర పట్టుకుని సగం చుట్టు తిప్పితే కిందున్న ఖాళీలో సరిగ్గా కూర్చుంటుంది, కుడి ముక్క కుడివైపు కూర్చుంటుంది. 16 × 6 దీర్ఘచతురస్రం వచ్చేసింది. ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. కొన నుంచి దించిన లంబం భూమికి బయట పడితే ఈ పని చెడిపోతుంది. మేం ముందు ఒక చిత్తు త్రిభుజానికి పొట్టి భుజాన్ని భూమిగా తీసుకుని, ముక్కలు ఒకదానిమీద ఒకటి ఎక్కుతుంటే బుర్ర గోక్కున్నాం. ఎప్పుడూ అన్నిటికంటే పొడవైన భుజాన్నే భూమిగా తీసుకుంటే ఆ బాధ ఉండదు.

రెండో త్రిభుజం కూడా అలాగే 16 × 3 అయింది.

ఇప్పుడు అసలు కిటుకు. నాకు కావాల్సింది 12 వెడల్పు, నా దగ్గరున్నవి 16 వెడల్పు. రెండూ ఒకే వెడల్పుకి వస్తే ఒకదానిమీద ఒకటి పేర్చుకోవచ్చు. 16 × 6 ముక్కని వెనక సెల్లోటేప్ వేసి ఒకటే అట్టలా చేసుకుని, కింది కుడి మూల నుంచి పై అంచు మీద ఎడమ నుంచి 4 సెంటీమీటర్ల దగ్గరున్న బిందువు దాకా ఏటవాలుగా కోశాం. పైనున్న త్రిభుజం, భుజాలు 12, 6, దాన్ని కోసిన గీత వెంటే ఎడమకి 4, పైకి 2 జరిపాం. వేలితో నెడుతుంటే అట్ట అంచు అంచుని రాసుకుంటూ మెల్లగా ఎక్కింది, అది వాడికి భలే నచ్చి నాలుగైదు సార్లు వెనక్కి లాగి మళ్లీ నెట్టాడు. జరిపాక కింద కుడివైపు 4 × 2 కొలతల చిన్న లంబకోణ త్రిభుజం బయటికి పొడుచుకొచ్చింది, పైన ఎడమవైపు అదే కొలతల ఖాళీ ఏర్పడింది. కోసి అక్కడ పెడితే 12 × 8 తయారు. రెండోదాన్ని అలాగే కోసి ఎడమకి 4, పైకి 1 జరిపితే 12 × 4. ఎనిమిదీ నాలుగూ పన్నెండు, చతురస్రం పూర్తయింది.

టేపు ఊడదీసి లెక్కపెడితే ఒక్కో త్రిభుజం 5 ముక్కలు, మొత్తం 10. ఇంకో సంగతి, శుభలేఖ మీది బంగారు అక్షరాలు పది ముక్కల్లోనూ పైకే ఉన్నాయి. ఒక్క ముక్కనీ బోర్లించాల్సిన అవసరం రాలేదు, ఎందుకంటే మేం చేసిందల్లా తిప్పడం, జరపడం.

ఈ జరిపే పద్ధతికీ ఒక హద్దుంది. ఉన్న వెడల్పు కావాల్సిన వెడల్పుకి రెండింతలు దాటితే పనిచేయదు. 40 × 2 లాంటి సన్నటి పట్టీ అయితే ముందు సగానికి కోసి ఒకదానిమీద ఒకటి పెట్టి 20 × 4 చేసుకోవాలి, అప్పుడు జరపాలి. మరీ ఇరుకైనదైతే అడ్డంగా కోసి పక్కపక్కన పెట్టుకోవాలి.

చతురస్రం మధ్యలో ఒకచోట సన్నటి సందు కనిపించింది. కత్తెర పొరపాటా, లెక్క పొరపాటా? ఇది తేలాల్సిందే, ఎందుకంటే కళ్లని మోసం చేసే కోతలు ఉన్నాయి. 8 × 8 చతురస్రాన్ని నాలుగు ముక్కలు చేసి 5 × 13గా పేర్చే పాత చిక్కులో 64 కాస్తా 65 అయినట్టు కనిపిస్తుంది. అక్కడ ఒక ముక్క అంచు 8కి 3 ఎక్కుతుంది, ఇంకోటి 5కి 2 ఎక్కుతుంది, రెండూ ఒకే గీత మీద లేవు, మధ్యలో ఒక చదరపు గడి పరిమాణం సందు దాగి ఉంటుంది. మా కోతలో పెద్ద త్రిభుజం 12కి 6, చిన్నది 4కి 2, వాలు రెండింటికీ సగమే. రెండో దీర్ఘచతురస్రంలో 12కి 3, 4కి 1. కాబట్టి మా సందు కత్తెరదే.

ఇంత చేశాక కూడా వాడి ప్రశ్నకి సగమే జవాబు వచ్చింది. వంకర ఆకారం చతురస్రం అయింది సరే, వైశాల్యం ఒకటే అయిన ఏ రెండు ఆకారాలైనా ఒకదానికొకటి మారతాయా? దీనికి రెండో ఆకారాన్ని కొత్తగా కోసి తంటాలు పడక్కర్లేదు. 144 వైశాల్యమున్న ఒక పంచభుజిని తీసుకుంటే, అదీ ఇదే దారిలో 12 సెంటీమీటర్ల చతురస్రం అవుతుంది. ఇప్పుడు ఆ చతురస్రం మీద మన కోత గీతలు నల్ల ఇంకుతో, పంచభుజి కోత గీతలు ఎర్ర ఇంకుతో గీసి, అన్ని గీతల వెంటా కోసెయ్యాలి. వచ్చే చిన్న ముక్కల్ని నల్ల గీతల లెక్కన కలిపితే మన చతుర్భుజం, ఎర్ర గీతల లెక్కన కలిపితే పంచభుజి. మధ్యలో చతురస్రం రైల్వే జంక్షన్ లాంటిది, ఎటు నుంచి వచ్చినా అక్కడ దిగాల్సిందే, ఆ చతురస్రం ఎంతదో తేల్చేది వైశాల్యం ఒక్కటే. మూలలెక్కడికి పోయాయంటే, కోసిన ప్రతిచోటా ముక్కలై పంచుకుపోయాయి.

వాడు కాసేపు ఆలోచించి, మరి ఘనపరిమాణం ఒకటే అయితే నాలుగు సమబాహు త్రిభుజాలు ముఖాలుగా ఉన్న క్రమ చతుర్ముఖిని కోసి ఘనం చేయొచ్చా అన్నాడు. సరిగ్గా అలాంటి ప్రశ్ననే జర్మన్ గణిత శాస్త్రవేత్త హిల్బర్ట్ 1900లో తన ప్రసిద్ధ సమస్యల జాబితాలో మూడోదిగా పెట్టాడు, కుదరదని ఆయన శిష్యుడు మాక్స్ డేన్ తేల్చాడు. ఘనంలో రెండు ముఖాల మధ్య కోణం 90 డిగ్రీలు, క్రమ చతుర్ముఖిలో సుమారు 70.53, అంచుల పొడవులతో కలిపి ఈ కోణాలు మోసుకొచ్చే లెక్క ఒకటుంది, ఎన్ని ముక్కలు చేసినా అది మారదు. అట్టలో అలా అడ్డుపడేది ఏదీ లేదని చెప్పి, వాడి చేతికి రెండు రంగుల పెన్నులిచ్చాను.