నవ్వు ఆగకముందే సంతకం: ప్రాంక్ షోలో నా అనుభవం

ఒక టీవీ చానల్‌కి ప్రాంక్ షో తీసిచ్చే చిన్న కంపెనీలో కొంతకాలం పనిచేశాను. టైటిల్స్‌లో అసిస్టెంట్ డైరెక్టర్ అని పేరు పడేది కానీ నా అసలు పని ఫారాలు. కెమెరాకి చిక్కిన మనిషి దగ్గరికి పరిగెత్తి రిలీజ్ ఫారం మీద సంతకం పెట్టించాలి. ఆ తర్వాత ఎడిటింగ్ రూమ్‌లో కూర్చుని ఏ ముఖం ఏ ఫారంలో ఉందో చూసి చెప్పాలి.

"అవన్నీ ముందే సెట్ చేసుకునేవేగా" అని ఇప్పటికీ చాలామంది అడుగుతుంటారు. కొన్ని అంతే. జూనియర్ ఆర్టిస్టులకి డబ్బులిచ్చి తీస్తారు, వాటిలో ఎవరి అనుమతితోనూ తలనొప్పి లేదు. మా షోలో అలాంటివీ ఉండేవి, నిజంగా దారిన పోయేవాళ్ల మీద తీసినవీ ఉండేవి. తలనొప్పంతా ఈ రెండో రకంతోనే.

వీటిలో షూటింగ్ ముందు, అనుమతి తర్వాత. వేరే దారి లేదు, ముందే చెబితే ఇక ప్రాంక్ ఏముంటుంది? అమెరికాలో 1948లో టీవీకి వచ్చిన క్యాండిడ్ కెమెరా అనే షో కాలం నుంచీ ఇదే వరస. జోక్ అయిపోగానే కెమెరా చూపిస్తారు. భయపడ్డవాడికీ, చిరాకుపడ్డవాడికీ ఒక్కసారిగా ఊపిరి తిరుగుతుంది. చుట్టూ జనం నవ్వుతుంటారు, యాక్టర్ భుజం మీద చెయ్యేసి ఫోటో దిగుతుంటాడు. సరిగ్గా అప్పుడు మేం ప్యాడ్, పెన్ను పట్టుకుని ముందు నిలబడతాం. "రెండు నిమిషాలు లేటైతే మనిషి ఆలోచించడం మొదలుపెడతాడు, ఆలోచించినవాడు సంతకం పెట్టడు" అని మా డైరెక్టర్ మొదటి రోజే చెప్పాడు. అది నిజమే. టీ తాగి వచ్చి అడిగితే కాదన్నవాళ్లే ఎక్కువ.

ఫారం ఒక పేజీ ఉండేది, అదీ ఇంగ్లీషులో. పేరు, వయసు, ఫోన్ నంబర్, సంతకం. పైన చిన్న అక్షరాల్లో అసలు సంగతి: నా రూపం, గొంతు ఏ మాధ్యమంలోనైనా, ఎప్పటికైనా వాడుకోవచ్చు, ఎలాగైనా ఎడిట్ చేసుకోవచ్చు, ప్రసారానికి ముందు చూపించాల్సిన పని లేదు. సంతకం అయ్యాక ఆ కాగితాన్ని గుండెల దగ్గర పట్టుకోమని ఒక ఫోటో తీసేవాళ్లం. తర్వాత ఎడిటింగ్‌లో కూర్చున్నప్పుడు ఎర్ర చొక్కా ఆయన పేరు ఎవరికి గుర్తుంటుంది? పద్దెనిమిది నిండనివాళ్లయితే తల్లో తండ్రో సంతకం పెట్టాలి. సంతకం లేని ముఖాన్ని బ్లర్ చేయాలి, లేదంటే ఆ క్లిప్పే తీసేయాలి.

ఇక బరువు మెషిన్ సంగతి. కూకట్‌పల్లి వైపు ఒక మాల్‌లో పాత రైల్వే స్టేషన్ బరువు మెషిన్ లాంటిది పెట్టాం. లోపల చిన్న స్పీకర్. పక్క షాపులో కూర్చున్న మా యాక్టర్ మైకులో మాట్లాడితే మెషినే మాట్లాడినట్టుంటుంది. ఒక కెమెరా పూలకుండీ వెనక, ఒకటి అట్టపెట్టెలో, ఇంకోటి మెషిన్ పైభాగంలో, ఎక్కిన మనిషి ముఖానికి ఎదురుగా. ఒకావిడ వచ్చింది, యాభై దాటి ఉంటాయి. చేతిసంచి కింద పెట్టి ఎక్కింది. "ఒక్కొక్కరే ఎక్కండమ్మా" అంది మెషిన్.

ఆవిడ నవ్వలేదు. అటూ ఇటూ చూసింది. ఎవరైనా విన్నారా అని చూసినట్టుగా అనిపించింది నాకు. మెల్లగా దిగింది, సంచి భుజానికి తగిలించుకుని ఎస్కలేటర్ వైపు నడిచింది. యాక్టర్ పరిగెత్తి ఆపి, కెమెరా చూపించి, సారీ అమ్మా అన్నాక కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. నేను ఫారం ఇచ్చాను. "ఇదేంటి బాబూ?" అని అడిగింది. "టీవీలో వస్తారమ్మా, దానికి" అన్నాను. మా వాళ్లంతా చెప్పే మాటే అది. సంతకం పెట్టింది.

ఎడిటింగ్‌లో ఆ క్లిప్ వేరే కథ అయింది. మెషిన్ మాట, వెంటనే ముల్లు గిర్రున తిరుగుతున్న క్లోజప్, ఆ వెంటనే కొంగు అడ్డం పెట్టుకుని ఆవిడ నవ్వు, దాని కింద జనం నవ్వుల ట్రాక్. ఎస్కలేటర్ దాకా నడిచిన ముక్క లేదు. జోక్ విని అక్కడికక్కడే పడీపడీ నవ్విన మనిషి తయారైంది. ఆ ముల్లు షాట్ ఆవిడ ఎక్కినప్పటిది కూడా కాదు, పొద్దున యూనిట్ బాయ్‌ని నిలబెట్టి తీసింది. రెండు షాట్లు నేరుగా అతికిస్తే సంచి నేల మీంచి భుజానికి ఎగిరొచ్చినట్టు కనిపిస్తుంది, అందుకే మధ్యలో ముల్లు పెట్టారు. ఇలాంటి షోల్లో రియాక్షన్‌కి ముందు ఏదో ఒక వస్తువు క్లోజప్ పడిందంటే అక్కడ కొంత సమయం మాయమైందని నాకు ఇప్పుడు అనుమానం వచ్చేస్తుంది. వాచీ, సంచి, వెనక నిలబడ్డ జనం, వీటిని చూస్తే చాలు. కెనడా నుంచి వచ్చే జస్ట్ ఫర్ లాఫ్స్ గ్యాగ్స్‌లో మాటలే ఉండవు, సంగీతమే. మాట లేకపోతే ఏ భాషవాళ్లకైనా అమ్మొచ్చు. ఎడిటర్‌కి కూడా సుఖం, ముఖాన్ని ఎక్కడైనా అతికించుకోవచ్చు.

ప్రోమో యూట్యూబ్‌లో పడిన మర్నాడే ఆవిడ కూతురు ఫోన్ చేసింది. గొంతు పెంచలేదు. "అమ్మ రెండు రోజులుగా బయటికి రావట్లేదండీ, తీసేయండి" అంది. రెండు రోజులెలా అని అడగబోయి ఆగాను. షూటింగ్ రోజు నుంచే అని తర్వాత అర్థమైంది. ప్రొడ్యూసర్ సంతకం చూపించమన్నాడు. ఆ అమ్మాయి అవతల చేయాల్సింది చేసింది: వీడియోలో కనిపించే వ్యక్తి తరఫున యూట్యూబ్‌కి ప్రైవసీ ఫిర్యాదు పెట్టింది. అలాంటి ఫిర్యాదులో పస ఉందనిపిస్తే వీడియో పెట్టినవాళ్లు సరిచేసుకోవడానికి యూట్యూబ్ మామూలుగా 48 గంటలు ఇస్తుంది. మాకూ ఆ మెయిల్ వచ్చింది.

మా ఎడిటర్ ముఖం బ్లర్ చేశాడు. ఆ పసుపు చీర, ఆ గొంతు, ఆ మాల్ అలాగే ఉన్నాయి. తెలిసినవాళ్లు గుర్తుపట్టడానికి ముఖమే ఉండాలా? కూతురు మళ్లీ ఫోన్ చేసింది, ఈసారి తెలిసిన లాయర్‌ని అడిగి. 1872 నాటి మన కాంట్రాక్ట్ చట్టం 13వ సెక్షన్ ప్రకారం ఇద్దరూ ఒకే విషయాన్ని ఒకే అర్థంలో ఒప్పుకుంటేనే సమ్మతి. ఇంగ్లీషు చదవని మనిషికి ఇంగ్లీషు ఫారం ఇచ్చి "టీవీలో వస్తారు" అని మాత్రమే చెబితే ఆవిడ దేనికి ఒప్పుకున్నట్టు అన్నది వాళ్ల ప్రశ్న. కోర్టులో అది నిలబడేదో లేదో చెప్పలేను, అక్కడిదాకా వెళ్లలేదు. చానల్ లీగల్ వాళ్లు ఆ మాట వినగానే క్లిప్ తీసేయమన్నారు. ఎపిసోడ్‌లో ఆ చోట జూనియర్ ఆర్టిస్టులతో తీసిన లిఫ్ట్ ప్రాంక్ వేశారు.

ఆ తర్వాత ఫారం తెలుగులోకి మారింది. చదివి వినిపించి, ఆ వినిపించడాన్ని కూడా ఫోన్‌లో రికార్డు చేయమన్నారు. సంతకాలు తగ్గాయి, డైరెక్టర్ గొణిగాడు. ఎడిట్ అయిన క్లిప్ వాళ్లకి ఒకసారి వాట్సాప్‌లో పంపి అడుగుదాం అని నేనన్నాను. "అడిగితే అందరూ వద్దంటారు" అన్నాడు ప్రొడ్యూసర్. ఎపిసోడ్ ముందు రోజు నాకు నచ్చిన ఒకరిద్దరికి ఫోన్ చేసి "రేపు మీది వస్తుంది, ఇలా కట్ చేశారు" అని నోటితో చెప్పేవాడిని. ఒకాయన విని, "సరే గానీ ఆ తిట్టు మాత్రం తీసేయించు బాబూ" అన్నాడు. బీప్ వేయించాను.