కోడ్ పోలిక కనబడితే స్టూడెంట్‌కి నేను రాసిన మెయిల్ – నా అనుభవం

సెకండియర్ వాళ్లకి డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్ చెప్తుంటాను. లింక్డ్ లిస్ట్ అసైన్‌మెంట్లు చేతికొచ్చాక అన్నింటినీ మాస్‌లో వేశాను. స్టాన్‌ఫర్డ్ సర్వర్ మీద ఉచితంగా నడిచే టూల్ అది, వేరియబుల్ పేర్లు మార్చినా, స్పేసులు మార్చినా పోలిక పట్టేస్తుంది.

```
perl moss.pl -l c -b skeleton.c *.c
```

ఇందులో `-b` తర్వాత ఉన్నది నేనే క్లాసుకి ఇచ్చిన సగం కోడ్. అది చెప్పకపోతే నేనిచ్చిన కోడ్ కూడా పోలికల్లో కలిసిపోవచ్చు, అసలు చూడాల్సినది వెతకడం కష్టమవుతుంది. ఫైళ్లకి రోల్ నంబర్లు తీసేసి వేరే పేర్లు పెట్టి పంపాను, రిజల్ట్ ఒక వెబ్ లింకుగా వస్తుంది కాబట్టి.

ఒక జంట పైన నిలబడింది. శాతం ఎంత అన్నది నేను పెద్దగా పట్టించుకోను, ఎందుకంటే లిస్టులో నోడ్ చేర్చే ఫంక్షన్ నలభై మంది రాసినా నలభైమందిదీ ఒకేలా ఉంటుంది, అది అంతకన్నా వేరేగా రాయడానికి కుదరదు. రెండు ఫైళ్లూ పక్కపక్కన పెట్టుకుని చదివితే ఆగాల్సినవి రెండే కనిపించాయి. ఇన్‌పుట్ ఆపడానికి ప్రశ్నలో -1 అని ఇస్తే ఇద్దరూ -999 పెట్టారు. డిలీట్ ఫంక్షన్‌లో ఇద్దరూ `prev` అని ఒక పాయింటర్ డిక్లేర్ చేసి, ఎక్కడా వాడలేదు. అవసరం లేనిది ఇద్దరి దగ్గరా ఒకే చోట ఉందంటే అడగాల్సిందే. కానీ ఎవరు ఎవరికిచ్చారో, అసలు ఇద్దరూ మూడో చోట నుంచి తెచ్చారో మాస్ చెప్పదు. నాకూ తెలియదు. తెలియనప్పుడు మెయిల్‌లో తెలిసినట్టు ఎలా రాస్తాం?

ఇద్దరికీ విడివిడిగా పంపిన మెయిల్ ఇదీ:

"లింక్డ్ లిస్ట్ అసైన్‌మెంట్ చూస్తుంటే నీ డిలీట్ ఫంక్షన్, ఇన్‌పుట్ తీసుకునే భాగం మరో సబ్మిషన్‌తో కలుస్తున్నాయి. ఇలా కలవడానికి చాలా కారణాలు ఉండొచ్చు, అందుకే ముందు నువ్వు ఎలా రాశావో వినాలనుకుంటున్నాను. ఇంకా ఏ నిర్ణయమూ తీసుకోలేదు, మార్కులూ వేయలేదు. మంగళవారం గానీ బుధవారం గానీ లంచ్ తర్వాత నా రూమ్‌కి రా, పావుగంట చాలు. కోడ్ ఉన్న ల్యాప్‌టాప్, చూసి రాసుకున్న నోట్స్ ఏమైనా ఉంటే అవీ తెచ్చుకో. ఆ టైమ్ కుదరకపోతే నీకు వీలైనది చెప్పు."

కాపీ అన్న మాట కావాలనే రాయలేదు. శాతం కూడా రాయలేదు, రాస్తే వచ్చినవాడు కోడ్ గురించి కాక ఆ అంకె గురించే వాదిస్తాడు. రెండోవాడి పేరు లేదు. హెచ్ఓడీని సీసీలో పెట్టలేదు, పెడితే ఎంత మెత్తగా రాసినా అది షోకాజ్ నోటీసే. పంపింది సోమవారం పొద్దున. శుక్రవారం సాయంత్రం పంపితే హాస్టల్లో ఉన్న పిల్లాడు రెండ్రోజులు ఆ టెన్షన్‌తోనే అన్నం తినాలి.

మొదటివాడు వచ్చీరాగానే "మేడమ్, నేను వాడి దగ్గర తీసుకోలేదు" అన్నాడు. (పేరు రాయకపోయినా వాడెవడో తెలిసిపోయింది, ఒకే క్లాసు కదా!) సరే కూర్చో అని, మొదటి నోడే తీసేయాల్సి వస్తే `head` ఏమవుతుందో కాగితం మీద గీయమన్నాను. తడుముకోకుండా గీశాడు. మరి -999 ఎక్కడిది అంటే కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. సీనియర్ ల్యాబ్ రికార్డు, నీలం పెన్నుతో రాసిన పేజీ. అందులో -999 ఉంది, వాడని `prev` కూడా ఉంది. క్లాసు వాట్సాప్ గ్రూపులో తిరుగుతోందట. మర్నాడు రెండోవాడూ అదే ఫోటో చూపించాడు, ముందు రోజు సంగతి నేను ఎత్తకుండానే.

ఒకరి దగ్గర ఒకరు తీసుకోలేదని తేలింది. కానీ రికార్డులోది ఎత్తి రాయడం రాయడమే కాబట్టి, డిలీట్ భాగం మార్కులు ఆపి, ల్యాబ్‌లో నా ఎదుట మళ్లీ రాయమన్నాను. మాట్లాడుకున్నదీ, తేల్చినదీ ఆ సాయంత్రమే ఇద్దరికీ మెయిల్ చేశాను, తర్వాత నేనలా అనలేదు, నువ్వలా అన్నావు అన్న గొడవ ఉండదు. మొదటివాడు సులువుగా రాశాడు. రెండోవాడు ఖాళీ లిస్ట్ ఇస్తే క్రాష్ అవుతుంటే ఎందుకో చెప్పలేకపోయాడు, వాడికి ఆ భాగం మార్కులు రాలేదు.

ఆ రికార్డు పేజీని నేనే టైప్ చేసి ఫోల్డర్లో పెట్టుకున్నాను. వచ్చే బ్యాచ్ ఫైళ్లతో పాటు దాన్నీ పంపుతాను, అయితే `-b` కింద కాదు, మామూలు సబ్మిషన్‌లా. `-b` కింద ఇస్తే ఆ పోలికలన్నీ రిజల్ట్‌లోంచి మాయమైపోతాయి.