ఆరో నిమిషం

నిద్ర పట్టట్లేదు. వరి గురించి నేను పెట్టే వీడియోలకి యూట్యూబ్ నుంచి మొదటి డబ్బులు పడ్డాయి. మధ్యాహ్నం రెండింటికి ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, 8,412 రూపాయలు. ఈ వార్త ఇంకో రకంగా రాస్తాననుకున్నాను, కానీ సాయంత్రం ఒక ఫోన్ వచ్చి అంతా తారుమారు చేసింది.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తే ఒక పని అయిపోతుంది. 100 డాలర్లు దాటితేగానీ యూట్యూబ్ డబ్బు పంపదు, నాకు డిసెంబర్ ఆఖర్లో దాటింది. అంతకుముందు 10 డాలర్లకే అడ్రస్ సరిచూసుకోవడానికి ఆరంకెల పిన్ నంబరు ఒక కాగితంలో పోస్టులో పంపుతారు. మొదటిసారి పంపింది రానే లేదు, రెండోసారి వచ్చినదాన్ని అమ్మ కరెంటు బిల్లు అనుకుని ఫ్రిజ్ మీద పెట్టింది, పదకొండు రోజులు అక్కడే ఉంది. నిన్న బ్యాంకు నుంచి ఒకాయన ఫోన్ చేసి "బయటి దేశం నుంచి డబ్బొచ్చింది, ఎందుకొచ్చింది?" అని మూడుసార్లు అడిగాడు. వరి ఆకు గురించి మాట్లాడితే వచ్చింది సార్ అని ఎలా చెప్పను? ప్రకటనల ఆదాయం అని రాసి సంతకం పెట్టి వచ్చాను.

అమ్మ దేవుడి దగ్గర దీపం పెట్టింది. అక్కైతే బిర్యానీకి ఎంతమందిమో లెక్కపెట్టేసింది. నాన్న మాత్రం కాసేపు ఊరుకుని "ఆరు డీఏపీ బస్తాలు" అన్నాడు. బస్తా 1,350 లెక్కన సరిగ్గా ఆరు, ఇంకో మూడొందలు మిగులు. అది మెచ్చుకోలో కాదో నాకిప్పటికీ తెలియలేదు.

ఇక ఆ ఫోన్. కోదాడ అవతలి నుంచి ఒక రైతు, నాన్న వయసు ఉంటుంది. "తమ్మీ, నీ వీడియో చూసే జింకు కొట్టిన, ఎనిమిది రోజులాయె, పొలం ఇంకా ఎర్రగనే ఉంది" అన్నాడు. కోపంగా కూడా అనలేదు, అదే బాధ.

ఏ వీడియోనో వెంటనే తెలిసింది. నా చానల్లో నాలుగు వంతుల్లో మూడు వంతుల డబ్బు ఆ ఒక్కదానిదే. వరి ఆకు విరిచి, చప్పుడును బట్టి జింకు లోపం చెప్పే వీడియో.

ఆ ఆకు శబ్దం నేను కనిపెట్టింది కాదు. నేను ఎనిమిదో తరగతిలో ఉన్న ఏడాది యాసంగిలో నాట్లేసిన మూడు వారాలకి మా కాలవ కింది మడి అక్కడక్కడా గిడసబారి, ముదురు ఆకుల మీద ఇటుకరంగు మచ్చలొచ్చాయి. నాన్న అగ్గితెగులనుకుని రెండుసార్లు మందు కొట్టాడు, షాపు ఖాతా పెరిగింది తప్ప పైరు లేవలేదు. అప్పుడొకాయన వచ్చాడు, రిటైరైన వ్యవసాయ ఆఫీసరు, ఎవరో పక్క పొలానికి పిలిస్తే వచ్చినాయన. ప్యాంటు మడిచి మడిలోకి దిగి, ఒక ముదురు ఆకు తెంపి నా చెవి దగ్గర పెట్టి వంచాడు. టక్. మంచి మడి నుంచి ఇంకోటి తెచ్చి వంచాడు, అది మెత్తగా మడతపడింది, చప్పుడు లేదు. "ఆకు మొదట్లో ఈనె తెల్లబడిందా? వంచితే విరుగుతుందా? ఇది తెగులు కాదు, జింకు లోపం" అన్నాడు. ఏటా రెండు పంటలూ వరే వేసి, నీళ్లు ఎప్పుడూ నిలవ ఉంచే మడుల్లో ఇది వస్తుందని చెప్పాడు. అమ్మ ఇచ్చిన టీ తాగి వెళ్లిపోయాడు. నాన్న రెండొందలు జేబులో పెట్టబోతే చెయ్యి తోసేశాడు. ఇవాళ సాయంత్రం నుంచి ఆ తోసేసిన చెయ్యే గుర్తొస్తోంది, ఎందుకో.

సరే, ఆ రైతును కూడా అదే అడిగాను. ముదురు ఆకు తెంపి ఫోన్ దగ్గర పెట్టి వంచండి అని. టక్, వినబడింది. అంటే నేను చెప్పిన లోపం సరైనదే, కొంచెం ఊపిరొచ్చింది. మరి ఎలా కొట్టారు అంటే అప్పుడు బయటపడింది. పదహారు లీటర్ల ట్యాంకులో జింకు సల్ఫేటుతోపాటు 19-19-19 ఎరువు కూడా వేశాడు. రెండూ బలమే కదా, కూలీ ఒక్కసారితో పోతుందని. నాజిల్ పదేపదే మూసుకుపోయిందట, ట్యాంకు అడుగున సున్నంలాంటి మడ్డి మిగిలిందట. ఆ మడ్డే ఆయన జింకు. 19-19-19లో భాస్వరం ఉంటుంది, అది తగిలితే జింకు నీళ్లలో కరగని పదార్థంగా మారి అడుక్కి దిగుతుంది, ఆకుకి అందాల్సినదాంట్లో చాలాభాగం అక్కడే పోతుంది. దుక్కిలో జింకుని, భాస్వరం ఉండే డీఏపీతో కలిపి చల్లొద్దనేది కూడా ఇందుకే.

నాకు చిరాకేసింది. ఫోన్ పెట్టేశాక అమ్మతో గట్టిగానే అన్నాను, వీడియోలో స్పష్టంగా చెప్పాను, దేనితోనూ కలపొద్దని, సగం చూసి పరిగెడితే నేనేం చేసేది అని. తిని, మేడ మీద పడుకుని, ఇక్కడ ఆయన మీద ఒక పేరా రాద్దామని కూడా అనుకున్నాను. రాసేముందు ఆ మాట ఎక్కడ చెప్పానో చూద్దామని వీడియో తెరిచాను.

ఆరో నిమిషంలో చెప్పాను.

ఎంతమంది ఎంతవరకు చూశారో గీత కనిపిస్తుంది కదా, అది చూశాను. రెండో నిమిషానికి సగం మంది వెళ్లిపోయారు. ఆకు విరిగింది, లీటరుకి రెండు గ్రాములు అన్నాను, ఇక పొలానికి వెళ్లిపోయారు, పనున్న మనుషులు కదా. ఆరో నిమిషం దాకా ఉన్నది నూటికి పద్దెనిమిది మంది. మరి ఆ వీడియో 8 నిమిషాల 14 సెకన్లు ఎందుకుంది? ఎనిమిది దాటితేనే మధ్యలో కూడా ప్రకటనలు పెట్టుకోవచ్చు కాబట్టి. ఆరు నిమిషాల్లో అయిపోయే సంగతిని కాలవ గట్టు, పొద్దుటి మంచు, మా గేదె, నమస్కారాలతో సాగదీశాను. అక్క అప్పుడే అంది, మీ గేదెకి కూడా వాటా ఇవ్వాలని.

కానీ అలా సాగదీయకపోతే ఈ 8,412 ఈ నెలలో వచ్చేది కాదు. మైకుకి తొమ్మిదొందలు, రోజూ బండికి పెట్రోలు, అవి ఎవరిస్తారు? ఆ ఆఫీసరు పెన్షన్ తీసుకునే మనిషి, నేను కాదు. ఇలా అనుకుంటే కాసేపు బాగానే ఉంటుంది. తర్వాత మళ్లీ ఆ టక్.

ఆ రైతుకి మళ్లీ ఫోన్ చేశాను, తొమ్మిది దాటినా ఎత్తాడు. ట్యాంకు, నాజిల్ బాగా కడగమన్నాను. నిలవ నీళ్లు ఒకసారి తీసేసి, ట్యాంకుకి 32 గ్రాముల జింకు సల్ఫేటు మాత్రమే, ఇంకేం కలపకుండా, ఐదు రోజులకోసారి మూడుసార్లు. పాత ఆకుల మచ్చలు పోవు, కొత్త ఆకు శుభ్రంగా వస్తోందా చూడండి, అదే గుర్తు అన్నాను. "ఇదేదో ముందే చెప్తే అయిపోతుండె కదా తమ్మీ" అన్నాడు. చెప్పానని అనలేదు.

ఇప్పుడు ఎడిటర్ తెరిచి కూర్చున్నాను. పెట్టిన వీడియోలో కొత్త దృశ్యమేదీ చేర్చనివ్వరు, కోయడానికి మాత్రం ఒప్పుకుంటారు. కాలవ గట్టు, మంచు, గేదె, నమస్కారం కోసేస్తే 6 నిమిషాల 10 సెకన్లకు వచ్చింది, కలపొద్దనే మాట నాలుగో నిమిషం మొదటికి జరిగింది. మధ్యలో ప్రకటనలు పోతాయి. మొదటి కామెంటుగా కూడా ఆ మాటే పెట్టి పిన్ చేశాను.

సేవ్ నొక్కాను. పూర్తవడానికి చాలాసేపు పడుతుందని చూపిస్తోంది. నాన్న లేచాడు, నీళ్ల వంతు మనది ఒంటిగంటకి.