మా చింటూ ఎలుకల మందు తిన్న రాత్రి

స్టోర్ రూమ్ తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల్నుంచి మా కుక్క చింటూ తోక ఊపుకుంటూ బయటికొచ్చాడు. వాడి మీసాలకు ఆకుపచ్చ పొడి అంటుకుని ఉంది. అది చూడగానే నా కాళ్లు చల్లబడ్డాయి. అలమర వెనక ఎలుకల కోసం పెట్టిన మైనం బిళ్లలు రెండింటిలో ఒకటి అసలు లేదు, రెండోది సగం కొరికేసి ఉంది. టైమ్ 8:40. ఎనిమిదింటికి ఆ గదిలోకి వెళ్లినప్పుడు రెండూ అక్కడే ఉన్నాయి. అంటే తిని నలభై నిమిషాలు దాటలేదు. ఈ లెక్క మమ్మల్ని ఎంత కాపాడిందో నాకు తర్వాత తెలిసింది.

పక్కింటి పెద్దాయన పరిగెత్తుకొచ్చి, "ఉప్పు నీళ్లు తాగించమ్మా, మొత్తం కక్కేస్తాడు" అన్నారు. ఆయన మంచికే చెప్పారు. నేనూ గ్లాసు అందుకున్నాను. ఈలోగా తమ్ముడు డాక్టర్‌కి ఫోన్ కలిపాడు. ఆవిడ మొదటి మాటే, "ఉప్పు వద్దు, పాలు వద్దు, నూనె వద్దు, గొంతులో వేలు పెట్టొద్దు." ఉప్పు ఎక్కువైతే రక్తంలో సోడియం పెరిగి కుక్కకు ఫిట్స్ వస్తాయట. విషం కంటే ముందు ఆ ఉప్పే ప్రాణం మీదికి తెస్తుంది. కక్కించాలా వద్దా అన్నది కూడా ఏం తిన్నాడు, ఇప్పుడు ఎలా ఉన్నాడు అన్న దాన్ని బట్టే. మత్తుగా ఉన్నా, ఫిట్స్ వస్తున్నా, తిన్నది కిరోసిన్ లేదా యాసిడ్ లాంటిదైనా కక్కించకూడదు. కక్కింది ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు, లేదా పైకి వచ్చేటప్పుడు గొంతు మళ్లీ కాలిపోవచ్చు.

ఆవిడ నాలుగే ప్రశ్నలు అడిగారు. మందు పేరేంటి, ఎంత తిన్నాడు, ఎప్పుడు తిన్నాడు, బరువెంత. డబ్బా వెనక చిన్న అక్షరాల్లో ఉన్న పేరు చదివాను: బ్రోమాడియోలోన్ 0.005 శాతం. బిళ్ల 20 గ్రాములు. ఒకటిన్నర బిళ్ల పోయిందంటే 30 గ్రాములు. వాడి బరువు 12 కిలోలు. "డబ్బా, మిగిలిన ముక్క కూడా తీసుకుని వెంటనే బయల్దేరండి" అన్నారు.

దారిలో తమ్ముడు నడుపుతుంటే నేను చింటూని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. వాడు మాత్రం కిటికీలోంచి చూస్తూ హుషారుగా ఉన్నాడు. నిజం చెప్పాలంటే, ఒక క్షణం "ఏమీ కాలేదేమో, అనవసరంగా టెన్షన్ పడుతున్నామేమో" అనిపించింది.

9:25కి క్లినిక్‌లో ఉన్నాం. ఇంజెక్షన్ ఇచ్చిన కొద్ది నిమిషాల్లోనే మూడుసార్లు కక్కాడు. డాక్టర్ గ్లవ్స్ వేసుకుని ఆ ట్రేలో ఒక్కో ఆకుపచ్చ ముక్కనూ పక్కకు జరుపుతూ చూశారు. చాలావరకు వచ్చేసిందని, కానీ ఎంత మిగిలిందో చూసి చెప్పలేమని అన్నారు. తిన్న గంట, రెండు గంటల్లోపు అయితేనే కక్కించడం బాగా పనిచేస్తుంది. ఆ తర్వాత మందు కడుపు దాటి కిందికి పోతుంది. వాంతులు తగ్గాక, పేగుల్లో మిగిలినదాన్ని పట్టి ఉంచడానికి నల్లటి బొగ్గు మందు తాగించారు.

నేను అడిగాను, "ఇంత హుషారుగా ఉన్నాడు కదా మేడమ్, మరి విషం ఏం చేస్తున్నట్టు?" ఆవిడ ఓపిగ్గా చెప్పారు. రక్తం గడ్డకట్టడానికి కావాల్సిన కొన్ని పదార్థాలను కాలేయం విటమిన్ కె సాయంతో తయారు చేస్తుంది. వాడిన విటమిన్‌ను మళ్లీ పనికొచ్చేలా మార్చుకుంటూ ఉంటుంది. ఈ మందు ఆ మార్పును ఆపేస్తుంది. కానీ అప్పటికే రక్తంలో ఉన్న నిల్వతో రెండు మూడు రోజులు గడిచిపోతాయి. నిల్వ అయిపోయాక లోపల రక్తం కారడం మొదలవుతుంది. చాలాసార్లు బయటికి చుక్క రక్తం కూడా కనిపించదు. ఛాతీలో కారితే ఆయాసం, దగ్గు వస్తాయి. కీళ్లలో కారితే కుంటుతుంది. చిగుళ్లు తెల్లబడతాయి. కనపడేసరికి కక్కించే సమయం ఎప్పుడో దాటిపోయి ఉంటుంది.

డబ్బా ఎందుకు తెమ్మన్నారో కూడా అప్పుడే అర్థమైంది. ఎలుకల మందులన్నీ ఒకటి కావు. జింక్ ఫాస్ఫైడ్ అయితే కడుపులోని యాసిడ్‌తో కలిసి విష వాయువు పుడుతుంది. అక్కడ రోజులు కాదు, గంటలే. దానికి విరుగుడు లేదు. అది తిన్న కుక్కకు ఏదైనా తినిపిస్తే యాసిడ్ పెరిగి గ్యాస్ ఇంకా ఎక్కువవుతుంది. అది కక్కినప్పుడు వచ్చే వాసన మనుషులకూ ప్రమాదమే, అందుకే ఆరుబయటే కక్కించాలట.

మేం ఉండగానే ఇంకో కుటుంబం 20 కిలోల కుక్కను తీసుకొచ్చింది. నొప్పుల కోసం ఇంట్లో వాడే ఐబుప్రోఫెన్ స్ట్రిప్ నమిలేసింది. ఆ ఇంటావిడ మిగిలిన స్ట్రిప్ వెంట తెచ్చి మంచి పని చేశారు. పది మాత్రల్లో నాలుగు మిగిలాయి, ఒకటి తను వేసుకున్నారు. అంటే ఐదు పోయాయి. ఒక్కోటి 400 మిల్లీగ్రాములు కాబట్టి మొత్తం 2000, కిలో బరువుకు 100. కడుపులో పుండ్లు పడటానికి అది చాలు, కిడ్నీలకూ ముప్పే. దాన్ని సెలైన్ పెట్టి అక్కడే ఉంచుకున్నారు.

మా ముందు రెండు దారులు పెట్టారు. ఇప్పుడే విటమిన్ కె1 మొదలుపెట్టి వారాల పాటు ఇవ్వడం, లేదా 48 గంటల తర్వాత రక్తం గడ్డకట్టే టైమ్ చూసే పీటీ పరీక్ష చేయించడం. పరీక్ష దారి పడితే ఈలోగా విటమిన్ ఇవ్వకూడదు, ఇస్తే రిపోర్ట్ బాగున్నట్టు కనిపించి మోసం చేస్తుంది. చాలావరకు బయటికొచ్చింది కాబట్టి పరీక్ష చేయిద్దామనుకున్నాం.

ఆ రెండు రోజులూ వాడిని పరుగెత్తనివ్వలేదు. పూటకోసారి పెదవి ఎత్తి చిగుళ్లు చూసేదాన్ని. గులాబీ రంగులోనే ఉన్నాయి. తిన్నాడు, ఆడదామని బంతి తెచ్చి ఒళ్లో పడేశాడు. "ఇంకా పరీక్షెందుకక్కా?" అన్నాడు తమ్ముడు. వెళ్లాం. రిపోర్ట్‌లో పీటీ మామూలు కంటే ఎక్కువ వచ్చింది. అంత హుషారుగా ఉన్నవాడి రక్తం అప్పటికే సరిగా గడ్డకట్టడం లేదు. ఆ కాగితం చూసి నాకు ఏడుపొచ్చింది.

వాడి బరువుకు రోజుకు 30 మిల్లీగ్రాముల కె1 రాశారు. కొవ్వు ఉన్న ఆహారంతో ఇస్తేనే ఒంట్లోకి బాగా ఎక్కుతుందన్నారు. కె3 అని ఇంకో రకం దొరుకుతుంది, ఈ విషానికి అది పనిచేయదు, పేరు చూసి తీసుకోమని రెండుసార్లు చెప్పారు. ఈ ఎలుకల మందు కాలేయంలో వారాల తరబడి ఉండిపోతుంది కాబట్టి నాలుగు వారాలు ఒక్క రోజు కూడా మానలేదు. పదో రోజుకే ఆపేస్తే, మిగిలిన విషం మళ్లీ పని మొదలుపెట్టేది.

చివరి మాత్ర వేసిన 48 గంటలకు మళ్లీ పీటీ చేశారు, విటమిన్ లేకుండా రక్తం తనంతట తాను గడ్డకడుతోందో లేదో తేలడానికి. నార్మల్ వచ్చింది. చింటూ ఇప్పుడు నా కాళ్ల దగ్గర పడుకుని ఉన్నాడు. స్టోర్ రూమ్‌లో ఆ బిళ్లలు తీసేసి ఎలుకల బోను పెట్టాం.