లావతె లస్ మానోస్ ఉయ్యాలో

నాకూ మా ఆయనకూ స్పానిష్ రాదు. హ్యూస్టన్‌లో మా అపార్ట్‌మెంట్ పిల్లల్లో చాలామంది ఆడుకునేది స్పానిష్‌లోనే, మా ఐదేళ్ల పిల్ల, మూడేళ్ల పిల్లోడు వాళ్లతో కలవాలని ఇంట్లో స్పానిష్ నేర్పడం మొదలుపెట్టాం. రోజూ ఎలాగూ ఐదారుసార్లు చేసే పని ఒక్కటే పట్టుకున్నాం, చేతులు కడుక్కోవడం.

మొదట్లోనే బోల్తా పడ్డాను. సబ్బును స్పానిష్‌లో jabón అంటారు, నేను ఇంగ్లిష్ అలవాటులో జబాన్ అని చదివి అదే నేర్పాను. ఆ jను హ అనాలట, హబోన్. దిద్దేసరికి పిల్లోడు హమోన్ అందుకున్నాడు, అది పంది మాంసం! అప్పటినుంచి ఏ మాటైనా ముందు స్పానిష్ వాళ్లు పలికిన రికార్డింగ్ విని, తెలుగు లిపిలో రాసి సింక్ మీద అంటిస్తున్నా. త, ద, ర మనకు ఇంగ్లిష్‌లో కంటే తెలుగులోనే దగ్గరగా దొరుకుతాయి.

'లావతె లస్ మానోస్' అంటే చేతులు కడుక్కో. దీన్ని బతుకమ్మ వరసలో ఉయ్యాలో తగిలించి పాడాం, పిల్లలు రెండ్రోజుల్లో పట్టేశారు. కానీ పాటలో 'వ' సాగుతుంది, మాటలో మాత్రం ఒత్తు మొదటి 'లా' మీద ఉండాలి. అందుకే పాడాక ఒకసారి మామూలుగా కూడా అనాలి.

పాట వచ్చింది సరే, మాట వచ్చిందా? ఒకరోజు సైగ చేయకుండా, పాడకుండా 'లావతె లా కారా', ముఖం కడుక్కో, అన్నాను. పిల్ల చేతులే కడిగింది. అంటే మొత్తం వాక్యాన్ని ఒక ముద్దలా మింగిందన్నమాట. అందుకని చేతులు, ముఖం మార్చి మార్చి చెప్పే ఆట పెట్టాం, తప్పు చేసినవాళ్లు తర్వాతి ఆజ్ఞ ఇవ్వాలి. మామిడిపండు కడగమంటే 'లావా ఎల్ మాంగో', తె ఉండదు. ఇక్కడ నాకే లైటు వెలిగింది, ఆ 'తె' మన కడుక్కోలో ఉన్న 'కో' లాంటిదే! నీ చేతులు అని కూడా అనరు, మనలాగే ఉత్త చేతులే. ఇంగ్లిష్ మీదుగా నేర్పితే ఇది ఎంత మెలికో.

ఈ ఎండాకాలం మిర్యాలగూడకు వచ్చాం. పొలం నుంచి వచ్చిన నానమ్మను నల్లా దగ్గర నిలబెట్టి పిల్ల 'లావతె లస్ మానోస్' అంది.

"ఏమంటుందే ఇది?"

"చేతులు కడుక్కో అంటుంది అత్తమ్మా."

"కడుక్కో ఏంది, కడుక్కోండి అనాలె గద!"

నిజమే. స్పానిష్‌లోనూ నువ్వు, మీరు వేరు. మీరుకు 'లావెసె'. కొన్ని ఇళ్లల్లో అవ్వతో కూడా నువ్వు అనేస్తారట గానీ, మా ఇంట్లో నడవదు. మర్నాటి నుంచి నానమ్మకు లావెసె. తమ్ముడికీ లావెసే, బర్రెకూ లావెసే.