0.7 సెంటీమీటర్ల తేడా

నిన్న చంద్రగిరి పక్కన అంగన్వాడీలో 23 నెలల పిల్లోడు, పండబెడితే ఒకటే ఏడుపు, సరేలే నడుస్తున్నాడు కదా అని గోడకి నిలబెట్టి ఎత్తు కొలిచేశా, 80.5 సెంటీమీటర్లు వచ్చింది. ఎదుగుదల చార్ట్‌లో ఆ వయసు మగపిల్లలకి ఇంతకి తగ్గకూడదనే మైనస్ 2 గీత 81.0 దగ్గరుంది, అంటే వయసుకి తగ్గ ఎత్తు లేదు, స్టంటెడ్ అని రాసేశా. వాళ్ళమ్మ మొహం వాడిపోయింది పాపం.

రాత్రి రూములో ఫారాలు చూస్తుంటే వెలిగింది, రెండేళ్ళ లోపు చార్ట్ పండబెట్టిన కొలతకి వేసింది, నిలబెడితే 0.7 కలపాల! కలిపితే 81.2, గీతకి పైనే.

పొద్దున్నే మళ్ళీ పోయినా. ఈసారి వాళ్ళమ్మ తల పట్టుకునింది, అంగన్వాడీ ఆయమ్మ మోకాళ్ళు అదిమింది, నేను పాదాలకి పలక ఆనించినా. 81.3. గీతకి అంటుకొనే ఉన్నాడు కాబట్టి బాగున్నాడని మాత్రం చెప్పలా, వచ్చే నెల మళ్ళీ కొలుస్తానని చెప్పొచ్చినా.